ఇంటి మీద రెండో అప్పు

ఇల్లు కొనడానికో కట్టడానికో తీసుకునేది హోం లోను. ఆ ఇంటినే చూపించి వేరే అవసరానికి తెచ్చుకునే అప్పులు రెండు రకాలు. హోం లోను నడుస్తుండగానే అదే బ్యాంకు, అదే తాకట్టు మీద అదనంగా ఇచ్చే మొత్తాన్ని టాప్‌అప్ లోను అంటారు. ఇంటి కాగితాలు ఇంకా పాత బాకీ కింద బ్యాంకులోనే ఉంటాయి కాబట్టి కొత్తగా తెచ్చి ఇవ్వాల్సినవి పెద్దగా ఉండవు. ఏడాది పాటో అంతకంటే ఎక్కువో వాయిదాలు తప్పకుండా కట్టినవారికి బ్యాంకులే ఫోన్ చేసి మరీ ఇస్తామంటాయి. రెండోది ప్రాపర్టీ లోను. అప్పు లేని ఇంటినో, దుకాణాన్నో, ఖాళీ స్థలాన్నో తాకట్టు పెట్టి తీసుకునేది ఇది. వ్యాపారంలో పెట్టుబడికి, పిల్లల చదువుకు, పెళ్లికి, వైద్యానికి, పాత అప్పులు తీర్చడానికి ఎక్కువగా దీన్నే తీసుకుంటారు.

వడ్డీ విషయంలో ఈ రెండూ హోం లోనుకూ పర్సనల్ లోనుకూ మధ్యలో ఉంటాయి. టాప్‌అప్ వడ్డీ హోం లోను కంటే కొంచెం ఎక్కువ, ప్రాపర్టీ లోను వడ్డీ ఇంకొంచెం ఎక్కువ. బ్యాంకు కాని ఫైనాన్స్ సంస్థల్లో ఇది ఇంకా పైకి పోతుంది. పర్సనల్ లోనుకు తాకట్టు ఉండదు, అందుకే దానికి వడ్డీ ఎక్కువ. ఈ రెంటికీ వడ్డీ తక్కువ కావడానికి కారణం, అప్పు మునిగే ముప్పును అప్పు ఇచ్చిన సంస్థ నుంచి ఇల్లు తన మీదకు తీసుకోవడమే.

తాకట్టు జరిగే పద్ధతి చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. ఇంటి యజమాని అసలు దస్తావేజులు తీసుకెళ్లి, అప్పుకు పూచీగా ఉంచుతున్నానని చెప్పి బ్యాంకు చేతికి ఇస్తాడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఇదే తాకట్టు. కాగితాలు అప్పగించినట్టు రాసుకునే పత్రాన్ని రిజిస్ట్రేషన్ ఆఫీసులో నమోదు చేయిస్తే అది ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో కనిపిస్తుంది. తాకట్టుల వివరాలు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో కూడా ఆ ఇల్లు చేరుతుంది. ఇల్లు యజమాని పేరునే ఉంటుంది, అందులో ఆయనే ఉంటాడు, పన్ను ఆయనే కడతాడు. ఇంట్లో ఏ మార్పూ కనిపించదు కాబట్టే చాలామందికి తాకట్టు పెట్టామన్న సంగతి రోజువారీ జీవితంలో గుర్తుకు రాదు.

ఇల్లు కంటే ముందు ఆదాయం

అప్పు కోసం వెళ్లేవారిలో ఎక్కువమంది మనసులో ఒక లెక్క ఉంటుంది. ఇల్లు ఎనభై లక్షలు చేస్తుంది, కనీసం యాభై లక్షలైనా ఇస్తారు అని. బ్యాంకు లెక్క మాత్రం ఆదాయం దగ్గర మొదలవుతుంది. నెలకు ఎంత వస్తుంది, అందులో ఇప్పటికే వాయిదాలకు ఎంత పోతోంది, మిగిలిన దాంతో ఇంకెంత వాయిదా కట్టగలరు అన్నదే బ్యాంకు వేసే మొదటి ప్రశ్న. ఇల్లు అమ్మి బాకీ వసూలు చేసుకోవడం ఏ బ్యాంకుకూ ఇష్టమైన పని కాదు. అందుకు ఏళ్లు పడుతుంది, ఖర్చు అవుతుంది. నెలనెలా వాయిదా రావడమే దానికి కావాల్సింది.

గుంటూరులో మందుల షాపు నడిపే ఒకాయన్ని ఊహించుకుంటే ఈ లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. రెండు వందల గజాల్లో సొంత ఇల్లు ఉంది. చుట్టుపక్కల వాళ్లు తొంభై లక్షలు పలుకుతుందంటారు. బ్యాంకు పంపిన వాల్యుయర్ 80 లక్షలు అని రాశాడు. ప్రాపర్టీ లోనులో ఇంటి విలువలో ఎంత శాతం వరకు ఇవ్వాలన్నది సంస్థ తన విధానం ప్రకారం పెట్టుకుంటుంది. సాధారణంగా అది యాభై నుంచి డెబ్బై శాతం మధ్య ఉంటుంది. అరవై శాతం అనుకుంటే, ఇంటిని బట్టి 48 లక్షలు రావాలి.

ఇప్పుడు ఆదాయం లెక్క చూడాలి. ఆయన ఐటీ రిటర్నుల్లో చూపిన నికర ఆదాయం ఏడాదికి 7.2 లక్షలు, అంటే నెలకు 60 వేలు. వాయిదాలన్నీ కలిపి ఆదాయంలో సగం దాటకూడదని బ్యాంకు నియమం పెట్టుకుందనుకుందాం. అంటే 30 వేలు. కారు లోనుకు ఇప్పటికే నెలకు 8 వేలు పోతోంది. మిగిలింది 22 వేలు. పదిహేనేళ్ల గడువుకు, పదిన్నర శాతం వడ్డీకి లక్ష రూపాయల అప్పు మీద నెల వాయిదా సుమారు 1,105 రూపాయలు. ఆ లెక్కన 22 వేల వాయిదాకు వచ్చే అప్పు 20 లక్షల లోపే. ఇంటిని బట్టి 48 లక్షలు, ఆదాయాన్ని బట్టి 20 లక్షలు. బ్యాంకు ఇచ్చేది ఈ రెంటిలో తక్కువది.

ఆయన అక్కడితో ఆగకుండా ఒక ఏజెంటు మాట విని ఒక ఫైనాన్స్ సంస్థకు వెళ్లాడనుకుందాం. ఆ సంస్థ రిటర్నులు పక్కన పెట్టి షాపు అమ్మకాలు చూస్తుంది. బ్యాంకు ఖాతాలోకి నెలకు 6 లక్షలు వస్తున్నాయి. ఈ వ్యాపారంలో ఇరవై శాతం మిగులుతుందని తన పట్టిక ప్రకారం లెక్క కట్టి, ఆయన ఆదాయం నెలకు 1.2 లక్షలు అని రాసుకుంటుంది. అందులో సగం 60 వేలు, కారు వాయిదా పోగా 52 వేలు. పదమూడున్నర శాతం వడ్డీకి, పదిహేనేళ్లకు 35 లక్షలు ఇవ్వడానికి ఆ లెక్కలో ఏ అడ్డూ లేదు. నెల వాయిదా 45,441 రూపాయలు.

ఈ రెండు లెక్కలూ ఒకే మనిషివి, ఒకే షాపువి. అమ్మకాలను బట్టి ఆదాయం అంచనా వేయడం తప్పు పద్ధతి అని చెప్పలేం, రిటర్నుల్లో ఆదాయం తగ్గించి చూపే చిన్న వ్యాపారులకు అప్పు పుట్టే దారి అదొక్కటే. కానీ ఆయన రిటర్ను నిజమైనదే అయితే, షాపు అద్దె, జీతాలు, కరెంటు పోగా చేతికి వచ్చేది 60 వేలే అయితే, రెండు వాయిదాలూ కట్టాక ఇంటి ఖర్చుకు మిగిలేది 6,559 రూపాయలు. సంస్థ ఎంత ఇస్తుందన్నది ఆయన ఎంత కట్టగలడన్న దానికి సాక్ష్యం కాదు. తన నిజమైన మిగులు ఎంతో ఆయనకు తప్ప ఇంకెవరికీ కచ్చితంగా తెలియదు. ఆ లెక్క ఆయనే వేసుకోవాలి.

ఆదాయంతో పాటు సిబిల్ స్కోరు చూస్తారు. 300 నుంచి 900 దాకా ఉండే ఈ అంకె 750 దాటితే బ్యాంకులు సాధారణంగా తృప్తి పడతాయి. వయసు కూడా లెక్కలోకి వస్తుంది. ఉద్యోగికి రిటైర్మెంటు నాటికి, వ్యాపారికి దాదాపు డెబ్బై ఏళ్ల లోపు అప్పు తీరేలా గడువు పెడతారు. యాభై ఐదేళ్ల ఉద్యోగికి పదిహేనేళ్ల గడువు దొరకకపోవడానికి కారణం ఇదే. గడువు తగ్గితే వాయిదా పెరుగుతుంది, దాంతో దొరికే అప్పు తగ్గుతుంది.

కాగితాలు, కొలతలు

ఆదాయం పరీక్ష నెగ్గాక ఫైలు వకీలు దగ్గరకు వెళ్తుంది. బ్యాంకు ప్యానెల్‌లో ఉన్న అడ్వకేట్ సాధారణంగా ముప్పై ఏళ్ల వెనక్కి వెళ్లి ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో లింకు డాక్యుమెంట్ల వరుస చూస్తాడు. ఆ వరుసలో ఒక్క దస్తావేజు తెగినా ప్రశ్న వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో తరచూ ఆగిపోయే ఫైళ్లు కొన్ని రకాలవి. గ్రామకంఠంలో తాతల నాటి ఇల్లు ఉంటుంది, రిజిస్టరు దస్తావేజు ఉండదు. అసైన్డ్ భూమిలో కట్టిన ఇల్లు ఉంటుంది, 1977 నాటి చట్టం ఆ భూమి చేతులు మారడాన్ని నిషేధించింది. నగరాల బస్తీల్లో నోటరీ కాగితం మీద కొన్న ఇళ్లు ఉంటాయి. సర్వే నంబరు నిషేధిత జాబితాలో, అంటే 22-ఏ కింద పడి ఉంటుంది. ఇలాంటి ఇంట్లో మనుషులు నలభై ఏళ్లుగా ఉంటున్నా బ్యాంకుకు అది పూచీగా పనికిరాదు.

ఉమ్మడి ఆస్తి అయితే ఆడపిల్లల వాటా ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ దేశమంతటికీ చట్టం 2005లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం పెళ్లి కాని కూతుళ్లకు ఆ హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. అందుకే తండ్రి పేరున ఉన్న ఇంటిని కొడుకులు తాకట్టు పెట్టబోతే, పెళ్లయి వెళ్లిపోయిన అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా కావాలని వకీలు అడుగుతాడు. ఆ సంతకం పెట్టేవారు ఏం పెడుతున్నారో చదువుకోవాలి. కొన్నిసార్లు అది కేవలం అభ్యంతరం లేదన్న పత్రంగా ఉండదు, హామీ పత్రంగా ఉంటుంది. హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం.

తర్వాత వాల్యుయర్ వస్తాడు. టేపుతో కొలుస్తాడు, నాలుగు హద్దులు దస్తావేజుతో సరిచూస్తాడు, ఫోటోలు తీస్తాడు, మంజూరైన ప్లానులో లేని అంతస్తు ఏమైనా ఉందా అని చూస్తాడు. జీ ప్లస్ వన్‌కు అనుమతి తీసుకుని పైన రెండు అంతస్తులు వేసినవారి విషయంలో ఆ అదనపు అంతస్తులను విలువలో కలపరు. చెరువు బఫర్ జోన్‌లోకి స్థలం వస్తుందేమోనన్న పరిశీలన హైదరాబాద్ చుట్టుపక్కల ఇప్పుడు చాలా గట్టిగా జరుగుతోంది. ఇంట్లో ఎవరు ఉంటున్నారో కూడా వాల్యుయర్ రాసుకుంటాడు. యజమాని ఉంటే ఒక లెక్క, అద్దెకు ఇస్తే ఒక లెక్క, తాళం వేసి ఉంటే ఇంకో లెక్క. చివరికి ఆయన రాసే విలువ, వీధిలో పలికే ధర కంటే తక్కువగా ఉండటం మామూలే. తొందరపడి అమ్మితే ఎంత వస్తుందన్న అంకె కూడా చాలా రిపోర్టుల్లో విడిగా ఉంటుంది. అప్పు తీసుకునేవారు ఆ రిపోర్టు ప్రతి అడిగి చూడగలిగితే మంచిది, తన ఇంటి మీద బ్యాంకుకు ఉన్న అసలు అభిప్రాయం అందులో ఉంటుంది.

టాప్‌అప్‌లో ఈ పరిశీలన తేలిగ్గా అయిపోతుంది, ఒక్కోసారి మరీ తేలిగ్గా. 2018లో 50 లక్షలు పెట్టి ఫ్లాటు కొన్న ఒక ఉద్యోగి, 40 లక్షలు ఇరవై ఏళ్ల గడువుకు తీసుకున్నాడనుకుందాం. వడ్డీ ఎనిమిదిన్నర శాతమే నిలకడగా ఉందనుకుంటే, ఆరేళ్లు వాయిదాలు కట్టాక కూడా బాకీ 34 లక్షలు మిగులుతుంది, ఎందుకంటే మొదటి ఏళ్లలో వాయిదాలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. ఈలోగా ఫ్లాటు విలువ 70 లక్షలైంది. బ్యాంకు మొత్తం అప్పును విలువలో డెబ్బై శాతం దాటనివ్వకపోతే పరిమితి 49 లక్షలు, అందులోంచి పాత బాకీ పోగా టాప్‌అప్‌కు 15 లక్షల చోటు ఉంటుంది. హోం లోనుకు రిజర్వు బ్యాంకు పెట్టిన పరిమితి 30 లక్షల వరకు విలువలో తొంభై శాతం, 75 లక్షల వరకు ఎనభై శాతం, ఆపైన డెబ్బై ఐదు శాతం.

ఈ పరిమితులను కొన్ని సంస్థలు టాప్‌అప్‌ల విషయంలో కచ్చితంగా పాటించడం లేదని, డబ్బు దేనికి వాడుతున్నారో కూడా చూడటం లేదని 2024 ఆగస్టులో ద్రవ్య విధాన ప్రకటన చేస్తూ అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నర్ శక్తికాంత దాస్ బహిరంగంగానే హెచ్చరించారు. అలాంటి సొమ్ము స్పెక్యులేషన్‌లోకి పోతుందన్నది ఆయన ఆందోళన. ఇల్లు చూపించి తెచ్చిన డబ్బును షేర్లలోనో, ఊరి బయట వెంచరు ప్లాట్లలోనో పెట్టడం తెలుగు రాష్ట్రాల్లో కొత్త కాదు. ప్లాటు ధర పెరగకపోతే ప్లాటు ఒక్కటే పోదు, ఉంటున్న ఇంటికీ ముప్పు వస్తుంది.

తక్కువ వడ్డీ, ఎక్కువ ఖర్చు

టాప్‌అప్‌ను అమ్మేవారు చెప్పే మొదటి మాట, పర్సనల్ లోను కంటే వడ్డీ చాలా తక్కువ అని. అది నిజమే. కానీ టాప్‌అప్ గడువు తరచూ హోం లోనులో మిగిలిన గడువుతో ముడిపడి ఉంటుంది. పైన చెప్పిన ఉద్యోగి కూతురి పెళ్లికి 6 లక్షలు కావాలనుకుని, తొమ్మిది శాతానికి, మిగిలిన పద్నాలుగేళ్లకూ టాప్‌అప్ తీసుకుంటే నెల వాయిదా 6,294 రూపాయలు, మొత్తం వడ్డీ 4.57 లక్షలు. అదే 6 లక్షలు పద్నాలుగు శాతానికి నాలుగేళ్ల పర్సనల్ లోనుగా తీసుకుంటే వాయిదా 16,396 రూపాయలు, మొత్తం వడ్డీ 1.87 లక్షలే. ఎక్కువ శాతం వడ్డీ ఉన్న అప్పు రెండున్నర లక్షలకు పైగా చవకైంది, పైగా దానికి ఇల్లు పూచీగా లేదు.

దీని అర్థం పర్సనల్ లోనే మేలని కాదు. పదహారు వేల వాయిదా భరించలేని ఇంటికి ఆరు వేల వాయిదా ఊపిరి ఇస్తుంది. కానీ భరించగలిగినవారు టాప్‌అప్ తీసుకున్నా గడువు నాలుగైదేళ్లకు తగ్గించమని అడగాలి, లేదా చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా అసలులో కొంత కట్టేయాలి. వ్యాపారానికి కాకుండా వ్యక్తిగత అవసరానికి మారే వడ్డీకి అప్పు తీసుకున్న వ్యక్తి ముందుగా కట్టినందుకు బ్యాంకు జరిమానా వేయకూడదు. వ్యాపారానికి తీసుకున్న మారే వడ్డీ అప్పుల్లో కూడా, 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యేవాటికి, వాణిజ్య బ్యాంకులు వ్యక్తుల నుంచీ చిన్న పరిశ్రమల నుంచీ ఆ జరిమానా తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది.

మారే వడ్డీ అన్న మాటను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. ప్రాపర్టీ లోన్లు ఎక్కువగా మారే వడ్డీవే. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రిజర్వు బ్యాంకు రెపో రేటును నాలుగు శాతం నుంచి ఆరున్నరకు తీసుకెళ్లింది. అంతే పెరుగుదల మళ్లీ వస్తే, పదిహేనేళ్లకు తీసుకున్న 20 లక్షల అప్పు మీద వాయిదా 22,108 నుంచి సుమారు 25,300 అవుతుంది. వాయిదా పెంచకుండా బ్యాంకు గడువు పెంచితే ఆ నెల నొప్పి తెలియదు, అప్పు మాత్రం ఏళ్ల తరబడి సాగుతుంది.

ఇక పైఖర్చులు. ప్రాసెసింగ్ ఫీజు, వకీలు ఫీజు, వాల్యుయేషన్ ఫీజు, తాకట్టు రిజిస్ట్రేషన్ ఖర్చు, వీటన్నిటి కంటే పెద్దది బీమా ప్రీమియం. అప్పు తీసుకున్న మనిషి చనిపోతే బాకీ తీరేలా చేసే ఈ బీమా మంచిదే. కానీ ప్రీమియం మొత్తాన్ని ఒకేసారి అప్పులో కలిపేస్తే దాని మీద కూడా పదిహేనేళ్లు వడ్డీ కట్టాలి. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకూ చిన్న వ్యాపారులకూ ఇచ్చే కొత్త టర్మ్ లోన్లన్నిటికీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే పత్రం ఇవ్వడం తప్పనిసరి. అందులో వడ్డీతో పాటు ఈ ఖర్చులన్నీ కలిపిన వార్షిక రేటు ఉంటుంది. రెండు సంస్థలను పోల్చాల్సింది ఆ రేటుతోనే, ఏజెంటు నోటితో చెప్పే వడ్డీతో కాదు.

వాయిదా ఆగితే

గుంటూరు మందుల షాపు యజమాని ఫైనాన్స్ సంస్థ దగ్గర 35 లక్షలు తీసుకున్నాడని అనుకుందాం. రెండేళ్లు నడిచింది. ఆ తర్వాత అదే వీధిలో పెద్ద గొలుసు సంస్థ మందుల దుకాణం తెరిచింది, అమ్మకాలు పడిపోయాయి. జూన్ 5న కట్టాల్సిన వాయిదా కట్టలేకపోయాడు. మొదటి నెల ఫోన్లు వస్తాయి, రెండో నెల మనుషులు వస్తారు. కట్టాల్సిన డబ్బు తొంభై రోజులు దాటినా రాకపోతే, అంటే సెప్టెంబరు మొదటి వారంలో, ఖాతా ఎన్‌పీఏ అవుతుంది, నిరర్థక ఆస్తి అని దాని పేరు.

టాప్‌అప్ తీసుకున్నవారు గమనించాల్సిన నియమం ఇక్కడే ఉంది. ఎన్‌పీఏ అన్నది ఖాతాను బట్టి కాక మనిషిని బట్టి నిర్ణయమవుతుంది. ఒకే బ్యాంకులో హోం లోను సక్రమంగా కడుతూ ఆరు లక్షల టాప్‌అప్ ఆపేసినా, రెండూ ఎన్‌పీఏ అవుతాయి. చిన్న అప్పు పెద్ద అప్పును తనతో లాక్కుపోతుంది. ఒకసారి ఎన్‌పీఏ అయ్యాక ఒకటో రెండో వాయిదాలు కడితే సరిపోదు, పేరుకున్న వాయిదాలన్నీ పూర్తిగా కడితేనే ఖాతా మళ్లీ మామూలు స్థితికి వస్తుంది.

తర్వాత నడిచేది 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం. కోర్టుకు వెళ్లి డిక్రీ తెచ్చుకోకుండానే తాకట్టు ఇంటిని స్వాధీనం చేసుకుని అమ్మే అధికారం ఈ చట్టం బ్యాంకులకు ఇచ్చింది. నూరు కోట్లకు పైబడిన ఆస్తులున్న ఫైనాన్స్ సంస్థలు కూడా 20 లక్షలు, అంతకు మించిన అప్పుల్లో దీన్ని వాడుకోవచ్చు. మొదట అరవై రోజుల నోటీసు వస్తుంది. అందులో అడిగేది ఆగిపోయిన మూడు నాలుగు వాయిదాలు కాదు, మొత్తం బాకీ. ఆ నోటీసుకు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే సంస్థ పదిహేను రోజుల్లో జవాబివ్వాలి. లెక్క తప్పున్నా, కట్టిన డబ్బు జమ చేయకపోయినా, గడువు అడగాలన్నా ఈ సమయంలోనే రాయాలి. చాలామంది ఈ నోటీసును బీరువాలో పెట్టేసి ఊరుకుంటారు. నోటీసుకు జవాబు రాయకపోవడం వల్ల పోయే అవకాశం మళ్లీ అంత తేలిగ్గా దొరకదు.

అరవై రోజులు గడిచాక ఇంటి గోడకు స్వాధీన ప్రకటన అంటిస్తారు. ఏడు రోజుల్లోగా రెండు పత్రికల్లో, వాటిలో ఒకటి స్థానిక భాషలో, ఆ ప్రకటన వేయించాలి. తెలుగు పత్రికల లోపలి పేజీల్లో చిన్న అక్షరాలతో, పేర్లతో, హద్దులతో సహా కనిపించేవి ఇవే. ఊళ్లో అందరూ చదివేలా తన ఇంటి చతురస్ర హద్దులు పత్రికలో చూసుకోవడం ఏ కుటుంబానికైనా భరించలేని సంగతి. ఈ దశలో ఇంట్లోంచి వెళ్లగొట్టరు. మనుషులను ఖాళీ చేయించాలంటే సంస్థ జిల్లా మేజిస్ట్రేటు సహాయం కోరాలి. స్వాధీనం మీద అభ్యంతరం ఉంటే నలభై ఐదు రోజుల్లోగా రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. తెలుగు రాష్ట్రాలకు అవి హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో ఉన్నాయి. ఊళ్లోని సివిల్ కోర్టుకు ఈ విషయంలో అధికారం లేదు.

చివరిది వేలం. మొదటిసారి వేలానికి ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మొత్తం బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు 2016 సవరణ తర్వాత వేలం ప్రకటన వెలువడే వరకే ఉంటుందని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో స్పష్టం చేసింది. వేలం రోజున డబ్బు సంచితో వెళ్లినా ఆ హక్కు కింద ఇల్లు తిరిగి రాదు. వేలంలో వచ్చే ధర కూడా మామూలు ధర కాదు. గొడవలున్న ఇల్లు కొనడానికి వచ్చేవారు తక్కువ. మందుల షాపు ఆయన 80 లక్షల ఇల్లు 62 లక్షలకు పోయిందనుకుందాం. బాకీ, వడ్డీ, ఖర్చులు కలిపి 39 లక్షలు సంస్థ తీసుకుంటుంది. ఆయన చేతికి 23 లక్షలు వస్తాయి. వచ్చిన ధర బాకీకి చాలకపోతే మిగిలింది ఆయన ఇంకా కట్టాల్సే ఉంటుంది, ఇల్లు పోయింది కదా అని బాకీ పోదు.

ఇంత దూరం రాకుండా ఆపే దారి ఒకటుంది, దాన్ని వాడుకునేవారు తక్కువ. వాయిదా కట్టలేమని నిజంగా తెలిసిన నెలలోనే, ఖాతా ఎన్‌పీఏ కాకముందే, సంస్థకు చెప్పి ఇల్లు సొంతంగా అమ్ముకోవడం. కొనేవారి బ్యాంకు నేరుగా పాత బాకీ తీర్చి కాగితాలు తీసుకునే పద్ధతి మామూలుగా జరిగేదే. ఆ ఇంటినే ఆయన 78 లక్షలకు అమ్మి 35 లక్షల లోపు ఉన్న బాకీ తీర్చేస్తే నలభై లక్షలకు పైగా చేతిలో ఉండేది. పరువు కోసం ఆరు నెలలు ఆగితే పోయేది ఆ తేడా.

బాకీ తీరిపోయినవారికి కూడా ఒక పని మిగిలి ఉంటుంది. 2023 డిసెంబరు 1 నుంచి అమలైన నియమం ప్రకారం మొత్తం బాకీ తీరిన ముప్పై రోజుల్లోగా అసలు దస్తావేజులన్నీ తిరిగి ఇచ్చి, తాకట్టు నమోదును తొలగించాలి. తన తప్పు వల్ల ఆలస్యమైతే సంస్థ రోజుకు 5 వేల రూపాయలు పరిహారం చెల్లించాలి. హోం లోను తీరినా దాని మీద టాప్‌అప్ మిగిలి ఉంటే కాగితాలు రావు. కాగితాలు చేతికి వచ్చాక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తాకట్టు రద్దు పత్రం నమోదు చేయించి, కొత్త ఈసీ ఒకటి తీసి, అందులో ఆ రద్దు కనిపిస్తుందో లేదో చూసుకోవాలి.